తేదీ గుర్తుండని చందాలు, దారి దొరకని రద్దులు

బ్యాంకు కార్డు పోయినా, గడువు తీరినా కొత్త కార్డు వస్తుంది. పాత నంబరు మీద నెలనెలా డబ్బు తీసుకుంటున్న చందాల్లో చాలావాటికి అప్పుడు చెల్లింపు ఆగిపోతుంది. కొత్త నంబరు ఇస్తేనే అవి కొనసాగుతాయి. ఈ చందా కావాలా, వద్దా అన్న ప్రశ్న చాలాకాలం తర్వాత వినియోగదారు ముందుకు మళ్లీ వచ్చేది ఆ రోజే. అమెరికాలో లిరాన్ ఐనావ్, బెన్ క్లోపాక్, నీల్ మహోనీ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు ఈ చిన్న విషయాన్ని ఆధారం చేసుకుని, బాగా పేరున్న పది చందా సేవల చెల్లింపుల రికార్డులను పరిశీలించి 2023లో ఫలితాలు ప్రకటించారు. మామూలు నెలల్లో చందా మానేసేవారు కొద్దిమందే. కార్డు మారిన సమయంలో మాత్రం మానేసేవారి సంఖ్య ఒక్కసారిగా పెరుగుతోంది. ఆ నెలలో సేవ మారలేదు, ధర మారలేదు, చూసేవారి అభిరుచి మారలేదు. మారింది కార్డు ఒక్కటే.

అంటే వీరిలో చాలామందికి ఆ చందా అంతకుముందు నుంచే అక్కర్లేదు. మానేయాలన్న నిర్ణయం తీసుకునే సందర్భం రాలేదు, అంతే. వినియోగదారులు ప్రతి నెలా ఆలోచించుకుని చందా కొనసాగిస్తే వచ్చే ఆదాయం కన్నా, పట్టించుకోకపోవడం వల్ల కంపెనీలకు అందుతున్న ఆదాయం సేవను బట్టి 14 శాతం నుంచి 200 శాతం పైదాకా ఎక్కువగా ఉందని ఆ పరిశోధకులు అంచనా వేశారు. ఈ రెండో అంకె దగ్గర కాస్త ఆగాలి. 200 శాతం ఎక్కువ అంటే, ఒక రూపాయి రావలసిన చోట మూడు రూపాయలు వస్తున్నాయన్నమాట. అందులో రెండు రూపాయలు సేవ నచ్చి ఇచ్చినవి కావు.

దీన్ని వినియోగదారుల బద్ధకంగా కొట్టిపారేయడం తేలిక. కానీ చందా కట్టేటప్పుడు మనిషి వేసుకునే లెక్కలోనే ఒక సహజమైన పొరపాటు ఉంది. స్టెఫానో డెల్లావిన్యా, ఉల్రికే మాల్మెండియర్ అనే ఆర్థికవేత్తలు అమెరికాలో మూడు వ్యాయామశాలల సభ్యుల హాజరును మూడేళ్ల పాటు పరిశీలించి 2006లో ఒక వ్యాసం ప్రచురించారు. నెలకు 70 డాలర్లకు పైగా కట్టిన సభ్యులు సగటున నెలకు 4.3 సార్లు మాత్రమే వచ్చారు. అంటే ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా పడింది. అదే చోట పది రాకల పాసు కొనుక్కుంటే ఒక్కోసారికి 10 డాలర్లే. చందా కట్టిన రోజున వారికి ఈ లెక్క తెలియక కాదు. వచ్చే నెలలో తాము రోజూ వస్తామని వారు నిజంగానే నమ్మారు. అదే వ్యాసంలో ఇంకో అంకె ఉంది. సభ్యుడు చివరిసారి వచ్చి వెళ్లిన రోజుకూ, సభ్యత్వం రద్దు చేసుకున్న రోజుకూ మధ్య సగటున 2.3 నెలలు గడిచాయి. ఆ మధ్యకాలంలో కట్టిన డబ్బుకు ఒక్క రోజు వ్యాయామం కూడా జరగలేదు.

రేపు చూద్దాం అనుకోవడం వల్ల వచ్చే ఆదాయం ఇది. దీనికోసం కంపెనీ ఏ మోసమూ చేయనక్కర్లేదు. వినియోగదారుకు గుర్తుచేయకుండా ఉంటే చాలు. అసలు కథ మొదలయ్యేది, కంపెనీ ఆ ఆలస్యాన్ని ఇంకొంచెం సాగదీయగలనని గమనించినప్పుడు.

ఎందుకు సాగదీస్తుందో ఒక ఊహాత్మక లెక్కతో చూద్దాం. నెలకు 299 రూపాయల చందా. ప్రతి నెలా నూటికి పదిమంది మానేస్తున్నారు. ఆ లెక్కన ఒక్కో చందాదారు సగటున పది నెలలు ఉంటారు, కంపెనీకి 2,990 రూపాయలు వస్తాయి. ఇప్పుడు రద్దు చేసుకునే దారిలో రెండు పేజీలు అదనంగా పెట్టారు. విసుగుతో కొందరు మధ్యలోనే వదిలేశారు, మానేసేవారు నూటికి ఎనిమిదికి తగ్గారు. సగటు కాలం పన్నెండున్నర నెలలు అవుతుంది, ఆదాయం సుమారు 3,737 రూపాయలకు చేరుతుంది. ఆ చందాదారుణ్ని తెచ్చుకోవడానికి ప్రకటనలకూ, తగ్గింపులకూ 1,500 రూపాయలు ఖర్చయి ఉంటే, మిగిలేది మొదట 1,490 రూపాయలు, ఇప్పుడు 2,237. రెండు పేజీలు లాభాన్ని సగం పెంచాయి. కొత్త సినిమా కొనలేదు, కొత్త సౌకర్యం ఇవ్వలేదు. పైగా ఇలా చిక్కుకున్నవారు సేవను దాదాపు వాడరు కాబట్టి వారి మీద కంపెనీకి నిర్వహణ ఖర్చు కూడా ఉండదు. చందా వ్యాపారంలో వాడకుండా డబ్బు కట్టేవారి కన్నా లాభసాటి ఖాతాదారు మరొకరు ఉండరు.

ఇంత లాభం చేతికి అందేలా ఉన్నప్పుడు ఏ కంపెనీలోనూ ఎవరో ఒక దుర్మార్గుడు కూర్చుని పథకం వేయనవసరం లేదు. చందాదారులు వెళ్లిపోకుండా చూసే విభాగానికి నెలనెలా ఒక లక్ష్యం ఉంటుంది. ఆ విభాగం రద్దు పేజీని రెండు రకాలుగా తయారుచేసి, సగంమందికి ఒకటి, మిగతా సగానికి మరొకటి చూపిస్తుంది. ఏ పేజీ చూసినవారు తక్కువగా వెళ్లిపోయారో ఆ పేజీ నిలుస్తుంది. వారు సేవ నచ్చి ఆగారా, బటన్ కనబడక ఆగారా అన్న తేడా ఆ అంకెలో కనిపించదు. ఇలాంటి పరీక్షలు వరుసగా జరుగుతూ పోతే, ఎవరూ ఒక్కసారిగా నిర్ణయించకుండానే రద్దు దారి చిట్టడవిగా మారుతుంది.

అలాంటి చిట్టడవి పేజీ పేజీగా రికార్డుకెక్కిన సందర్భం అమెజాన్ ప్రైమ్‌ది. అమెరికా ప్రభుత్వ వాణిజ్య పర్యవేక్షణ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023 జూన్‌లో ఆ కంపెనీపై దావా వేసింది. ప్రైమ్ రద్దు ప్రక్రియకు కంపెనీలో లోపల వాడుకున్న పేరు ‘ఇలియడ్’ అని ఆ దావా బయటపెట్టింది. ట్రాయ్ నగరం మీద జరిగిన సుదీర్ఘ యుద్ధాన్ని చెప్పే గ్రీకు కావ్యం పేరది. సేవలో చేరడానికి ఒకటి రెండు క్లిక్కులు సరిపోతుండగా, బయటపడడానికి నాలుగు పేజీలు, ఆరు క్లిక్కులు, పదిహేను ఐచ్ఛికాలు దాటాలని దావాలో ఉంది.

ఆ నాలుగు పేజీల్లో ఏముందన్నది తెలుసుకోదగిన విషయం. ఎందుకంటే అదే అమరిక వేరే పేర్లతో ఎన్నో ఆప్‌లలో కనిపిస్తుంది. సభ్యత్వం వివరాల పేజీలో ‘సభ్యత్వం ముగించు’ అనే బటన్ ఉండేది. దాన్ని నొక్కితే సభ్యత్వం ముగియదు, ఇలియడ్ మొదలవుతుంది. మొదట సభ్యుడు ఇంతవరకూ పొందిన ప్రయోజనాలను గుర్తుచేసే పేజీ వస్తుంది. తర్వాత, పూర్తిగా మానేయడం ఎందుకు, వేరే ప్లాన్‌కు మారితే ఖర్చు తగ్గుతుంది కదా అని చెప్పే పేజీ. ఆ తర్వాతి పేజీలో చందాను కాసేపు ఆపడం, గడువు తీరే ముందు గుర్తుచేయమనడం వంటి దారులన్నీ పరచి, వాటి చివర అసలు రద్దు బటన్. మధ్యలో ఏ ఆకర్షణ మీద నొక్కినా రద్దు దారి నుంచి బయటకు వచ్చేస్తారు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. వీటిలో ఏ ఒక్క పేజీ విడిగా చూస్తే అన్యాయంగా కనిపించదు. ప్రయోజనాలు చెప్పడం తప్పు కాదు, తగ్గింపు ఇవ్వజూపడం తప్పు కాదు. మొదటి పేజీలోనే రద్దు ముగిసిందని పొరబడి వెళ్లిపోయేవారూ, మూడో పేజీలో అలసిపోయేవారూ ఎంతమంది ఉంటారన్నదే అసలు సంగతి.

అంతకు ఏడాది ముందే, 2022 జులైలో, యూరోపియన్ కమిషన్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం ఐరోపా సభ్యులు రెండు క్లిక్కుల్లో ప్రైమ్ రద్దు చేసుకునేలా అదే కంపెనీ ఏర్పాటు చేసింది. రద్దు సుదీర్ఘంగా ఉండడానికి సాంకేతిక కారణం ఏదీ లేదనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. ఐరోపాలో రెండు క్లిక్కులకు దిగివచ్చిన సేవ, అమెరికాలో 2023 ఏప్రిల్ దాకా పాత దారినే నడిపింది. చివరికి 2025 సెప్టెంబరులో కంపెనీ 250 కోట్ల డాలర్లకు రాజీకి ఒప్పుకుంది. తప్పు చేశామని మాత్రం అంగీకరించలేదు. అందులో 100 కోట్లు జరిమానా, 150 కోట్లు సుమారు మూడున్నర కోట్ల మంది వినియోగదారులకు తిరిగి ఇవ్వవలసిన సొమ్ము. ఒక్కొక్కరికి తానుగా అందే వాపసు గరిష్ఠంగా 51 డాలర్లు. అమెరికాలో ఉంటున్న తెలుగు కుటుంబాల్లో కూడా ఈ వాపసు అందుకున్నవారు ఉండి ఉంటారు.

వాపసుల సంగతి అలా ఉండగా, చేరినంత తేలికగా రద్దు కూడా ఉండాలని అన్ని కంపెనీలకూ వర్తించేలా అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 అక్టోబరులో ఒక నిబంధన తెచ్చింది. దాన్ని చేసిన పద్ధతిలో లోపం ఉందని 2025 జులైలో అప్పీలు కోర్టు కొట్టేసింది. ఒక కంపెనీ మీద గెలిచినా, వ్యవస్థ మొత్తం మారలేదు.

వేరే దారి పట్టిన కంపెనీ లేదని కాదు. 2020 మేలో నెట్‌ఫ్లిక్స్, ఏడాది, రెండేళ్లుగా ఏమీ చూడని చందాదారులను కొనసాగుతారా అని అడిగి, జవాబు రాకపోతే చందా తానే రద్దు చేస్తానని ప్రకటించింది. అలాంటి ఖాతాలు మొత్తంలో అర శాతం కన్నా తక్కువని కూడా చెప్పింది. ఎవరు వాడుతున్నారో, ఎవరు వాడడం లేదో కంపెనీకి తెలుసునని ఈ ప్రకటన తేల్చిచెప్పింది. వాడనివారిని గుర్తుపట్టి అడగడం సాధ్యమే. అడగని కంపెనీలు అడగకూడదని ఎంచుకున్నాయి.

భారతదేశంలో పరిస్థితి ఒక విధంగా మెరుగు. రద్దు బటన్‌ను కంపెనీ ఎక్కడ దాచినా, డబ్బు వెళ్లే గొట్టానికి ఉన్న కవాటం వినియోగదారు చేతిలోనే ఉంటుంది. దాన్ని అలా ఉంచింది రిజర్వ్ బ్యాంకు. కార్డుల నుంచి క్రమం తప్పకుండా తీసుకునే చెల్లింపులకు 2019 ఆగస్టులో అది ఈ-మాండేట్ అనే ముందస్తు అనుమతి నియమాలు తెచ్చింది. 2021 అక్టోబరు 1 నుంచి వాటిని పాటించని ఆటోమేటిక్ చెల్లింపులు ఆగిపోయాయి. ఆ నెలలో ఎన్నో చందాల చెల్లింపులు విఫలమయ్యాయి, కంపెనీలు ఇబ్బంది పడ్డాయి. దేశంలో కార్డున్న వారందరికీ ఒకేసారి కొత్త కార్డు వచ్చినట్టయింది. కావాలా, వద్దా అన్న ప్రశ్న అందరి ముందుకూ ఒకే నెలలో వచ్చింది.

ఆ నియమాల్లో సాధారణ వినియోగదారుకు పనికొచ్చేవి మూడు. మొదటిసారి అనుమతి ఇచ్చేటప్పుడు ఓటీపీ వంటి అదనపు ధ్రువీకరణ తప్పనిసరి. ఆ తర్వాత ప్రతిసారీ డబ్బు తీసుకోవడానికి కనీసం 24 గంటల ముందు, ఎవరు, ఎంత, ఎప్పుడు తీసుకోబోతున్నారో చెప్పే సందేశం రావాలి. ఆ విడతనో, మొత్తం అనుమతినో ఆపుకునే వీలు అందులోనే ఉండాలి. 15,000 రూపాయల లోపు చెల్లింపులకు తర్వాతి నెలల్లో ఓటీపీ అడగరు. కాబట్టి మామూలు చందాలన్నింటికీ మిగిలిన రక్షణ ఆ ఒక్క సందేశమే. 2020 జులైలో వచ్చిన యూపీఐ ఆటోపే కూడా ఇంచుమించు ఇదే పద్ధతిలో నడుస్తుంది. ఓటీపీ స్థానంలో యూపీఐ పిన్ ఉంటుంది.

ఈ రక్షణ ఎక్కడ జారిపోతుందో తెలియాలంటే ఒక చందాను మొదటి నుంచి చివరిదాకా అనుసరించి చూడాలి. ఇదీ ఊహాత్మకమే, కానీ ఇందులోని మెట్లన్నీ నిత్యం కనిపించేవే. వీడియో సీరియళ్ల ఆప్ ఒకటి ‘ఒక్క రూపాయికి ఏడు రోజులు’ అంటుంది. నొక్కగానే యూపీఐ తెర వస్తుంది. అక్కడ పెద్ద అక్షరాల్లో ఒక రూపాయి కనిపిస్తుంది. దాని కింద చిన్న అక్షరాల్లో అసలు ఒప్పందం ఉంటుంది: గరిష్ఠంగా 999 రూపాయల వరకు, నెలకోసారి, ముగింపు తేదీ ఎన్నో ఏళ్ల తర్వాత. పిన్ ఒక్కసారే కొడతారు. ఆ ఒక్క పిన్‌తో రూపాయి చెల్లింపు, భవిష్యత్తు చెల్లింపులకు అనుమతి రెండూ జరిగిపోతాయి. ఒక రూపాయి ఆప్‌కు ఆదాయం కాదు, అనుమతి సంపాదించే సాధనం. ఉచితమంటే పిన్ కొట్టించడం కష్టం, రూపాయి అంటే ఎవరూ సందేహించరు.

మూడు రోజుల్లో సీరియల్ చూడడం అయిపోతుంది. ఆప్‌ను ఫోనులోంచి తీసేస్తారు. అత్యధికులు పొరబడేది సరిగ్గా ఇక్కడే. ఆప్ తీసేస్తే తెర మీది బొమ్మ పోతుంది. అనుమతి యూపీఐలో చెక్కుచెదరకుండా ఉంటుంది. పైగా చందా ఉందని గుర్తుచేసే ఏకైక వస్తువు కూడా కళ్లముందు నుంచి మాయమవుతుంది. ఎనిమిదో రోజున 299 రూపాయలు పోతాయి. ముందురోజు వచ్చిన సందేశం ప్రకటనల సందేశాల మధ్య కలిసిపోయి ఉంటుంది. దాన్ని చదివినా ఆప్ పేరు కనిపించకపోవచ్చు. ఆప్‌ను నడిపే సంస్థ రిజిస్టరు చేసుకున్న పేరో, చెల్లింపులు చూసే మధ్యవర్తి సంస్థ పేరో ఉంటుంది. తెలియని పేరు, తెలియని కారణం, బహుశా ఏదో బిల్లు అనుకుని వదిలేస్తారు. ఆరు నెలలకు 1,794 రూపాయలు పోతాయి. నెలాఖరున ఖాతాలో మిగిలినదాన్ని బట్టి సరుకులు తెచ్చుకునే ఇంట్లో ఇది చిన్న మొత్తం కాదు.

కాబట్టి చందా అంటే ఒకటి కాదు, రెండు వస్తువులు. కంపెనీతో ఉన్న సభ్యత్వం ఒకటి, బ్యాంకుకు ఇచ్చిన అనుమతి రెండోది. కంపెనీ కష్టతరం చేయగలిగేది మొదటిదాన్నే. రెండోదాన్ని రద్దు చేయడానికి కంపెనీ పేజీల్లోకి వెళ్లనక్కర్లేదు. యూపీఐ ఆప్‌లో ఆటోపే విభాగం తెరిస్తే ప్రస్తుతం నడుస్తున్న అనుమతులు వరుసగా ఉంటాయి. అక్కర్లేనిదాన్ని తెరిచి రద్దు నొక్కి, పిన్ కొడితే చాలు. ఒకటికన్నా ఎక్కువ యూపీఐ ఆప్‌లు వాడేవారు ఒక్కోదాన్నీ విడిగా చూసుకోవడం మంచిది. ఒక ఆప్‌లో ఇచ్చిన అనుమతి మరోదానిలో కనిపించకపోవచ్చు. కార్డు మీద ఇచ్చినవైతే ఆ బ్యాంకు ఆప్‌లోనో, వెబ్‌సైటులోనో ఈ-మాండేట్ విభాగం ఉంటుంది. ఫోనులోని ఆప్ స్టోరు ద్వారా తీసుకున్న చందా మాత్రం ఆ స్టోరు ఖాతాలోనే, చందాల జాబితాలో రద్దు చేసుకోవాలి. సేవ నడిపే కంపెనీని అడిగినా లాభం ఉండదు, డబ్బు తీసుకుంటున్నది స్టోరు కాబట్టి.

దీనికి ఒక హద్దు ఉంది. అనుమతి రద్దు చేస్తే డబ్బు వెళ్లడం ఆగుతుంది, ఒప్పందం ఆగదు. ముందుగా డబ్బు కట్టి చూసే వీడియో సేవల్లో దీనివల్ల ఇబ్బంది లేదు. కట్టకపోతే సేవ ఆగిపోతుంది, అంతే. ఏడాది పాటు ఉంటానని సంతకం చేసిన వ్యాయామశాల, ఇంటర్నెట్ కనెక్షన్ వంటివాటిలో మాత్రం కంపెనీ బకాయి అడగవచ్చు. అలాంటివాటిలో ముందు సభ్యత్వం రద్దు కోరుతూ ఈమెయిల్ పంపి, ఆ నకలు దాచుకుని, తర్వాత అనుమతి తీసేయడం మంచిది. తేదీతో సహా రాతపూర్వకంగా ఉన్న కోరిక తర్వాత ఫిర్యాదులో ఎంతో పనికొస్తుంది.

ఫిర్యాదుకు చట్టబలం కూడా ఉంది. వినియోగదారులను తప్పుదారి పట్టించే తెరల అమరికలను అడ్డుకునే మార్గదర్శకాలను కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న జారీ చేసింది. అందులో పేర్కొన్న 13 పద్ధతుల్లో చందా ఉచ్చు ఒకటి. చెల్లించే చందాను రద్దు చేసుకోవడం అసాధ్యంగానో, సుదీర్ఘంగానో చేయడం, రద్దు ఐచ్ఛికాన్ని దాచడం, ఉచిత చందా కోసం చెల్లింపు వివరాలనో, ఆటోమేటిక్ చెల్లింపు అనుమతినో ఇచ్చితీరాలనడం, రద్దు సూచనలను గజిబిజిగా రాయడం అన్నీ దీని కిందికి వస్తాయి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు. రద్దు ఎంతో కష్టంగా ఉందని చెప్పడం కన్నా, ఫలానా తేదీన ఫలానా పేజీలో రద్దు బటన్ లేదని తెర ఫోటోతో చూపిస్తే ఆ ఫిర్యాదుకు జవాబు తప్పించుకోవడం కష్టం.

24 గంటల ముందు సందేశం అసలు రాకుండానే కార్డు నుంచి డబ్బు పోతే విషయం వేరు. ఆ సందేశం పంపవలసిన బాధ్యత కార్డు ఇచ్చిన బ్యాంకుది. కాబట్టి ఫిర్యాదు కూడా ముందు బ్యాంకుకే చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా, బ్యాంకులపై ఫిర్యాదులు విచారించే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను cms.rbi.org.in లో ఆశ్రయించవచ్చు, దానికి రుసుము లేదు. సందేశం వచ్చిందో లేదో తేల్చుకోవడానికి డబ్బు పోయిన తేదీకి ముందు రెండు రోజుల ఎస్సెమ్మెస్‌లు, ఈమెయిళ్లు వెతకాలి. వెతికేటప్పుడు ఆప్ పేరు కాకుండా, బ్యాంకు స్టేట్‌మెంటులో ఆ చెల్లింపు ఎదురుగా ఉన్న పేరునే టైపు చేయాలి.